చుక్క లేకపోతే ఏమీ రానట్టేనా

తనకల్లు బస్టాండు ఎదురుగా నాకొక చిన్న షాపు ఉంది. జిరాక్సు తీస్తాను, రీఛార్జి చేస్తాను, పాత ఫోన్లు కొని బాగుచేయించి అమ్ముతాను. అంతకుముందు అది మా నాయన సైకిలు షాపు. ఆయన పోయాక సైకిళ్లూ పోయాయి. గోడకు గొలుసుల గ్రీజు మరకలు మాత్రం ఇంకా ఉన్నాయి. ఈ షాపులో పన్నెండేళ్లుగా కూర్చుంటున్నాను. నన్ను వేలమంది ఏవేవో అడిగారు, నేను చెప్పాను. వాటిలో ఒక్క జవాబు మాత్రం నన్ను వదలడం లేదు.

ఆ జవాబు నేను చెప్పింది ఒక గొర్రెలు కాసే ఆమెకు. యాభై దాటి ఉంటాయి. మా మండలంలోనే, గుట్టల కిందనున్న ఒక పల్లె. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఆమెకున్నది ఒక తమ్ముడు. నలభై ఏళ్లవాడు, పుట్టు మూగ, చెవులు కూడా వినబడవు. చిన్నప్పటి నుంచీ అక్క వెనకాలే గొర్రెల వెంట తిరిగాడు. గొర్రె ఈనడానికి వస్తే ఊరంతటికీ అతనే కావాలి. ఊరు దాటితే మాత్రం అతనికి ఏమీ తెలియదు.

వికలాంగుల సర్టిఫికెట్ కోసం అతన్ని వెంటబెట్టుకుని ఆమె పుట్టపర్తి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో ఒక అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్ల సీసా నింపుకుని రావడానికి వెళ్లింది. కుళాయి దగ్గర జనం ఉన్నారు. సీసాతో తిరిగి వచ్చేసరికి అరుగు మీద వేరే ఎవరో కూర్చుని ఉన్నారు.

రెండు రోజులు ఆ ఊళ్లోనే తిరిగి, వచ్చి మా స్టేషన్లో చెప్పుకుంది. అతనికి ఆధార్ లేదు. తీయించడానికి పోయిన ప్రతిసారీ వేలి గీతలు పడలేదని తిప్పి పంపారట. పేరు చెప్పలేడు, ఊరు చెప్పలేడు, రాయలేడు. స్టేషన్లో ఒక కానిస్టేబుల్ మంచివాడు. ఉన్నమాట చెప్పాడు. మాట రాని మనిషి కాబట్టి ఎక్కడైనా దొరికితే ఫోటో తీసి పంపుతారు, నీ దగ్గరున్న బటన్ ఫోనుకు ఫోటో రాదు, ఫోటో కనబడే ఫోను ఒకటి తెచ్చుకో అన్నాడు. ఆమె రెండు పొట్టేళ్లను అమ్మి, సోమవారం సంత రోజు నేరుగా నా షాపుకు వచ్చింది.

అలా మొదలైంది. నా దగ్గరున్న వాటిలో గట్టిగా ఉన్న ఒక పాత ఫోను ఇచ్చాను. ఆమె దగ్గర తమ్ముడి బొమ్మ ఒక్కటే ఉంది, ఎవరిదో పెళ్లి ఫోటో, వెనక వరుసలో సగం ముఖం. దాన్నే స్కాన్ చేసి పెద్దది చేసి, కింద ఆమె కొత్త నంబరు వేసి, కానిస్టేబుల్‌కు పంపాను. ఆయన చుట్టుపక్కల స్టేషన్లకూ, రైల్వే వాళ్లకూ పంపించాడు.

ఆమెకు చదువు రాదు. అంకెలు తెలుసు, గొర్రెలు లెక్కపెట్టే మనిషి కదా. అందుకని ఫోనులో అక్షరాలతో పని లేకుండా, బొమ్మలతో, చుక్కలతో, చప్పుళ్లతో నేర్పాలి. ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది, అబద్ధమెందుకు. ఆమె ప్రశ్నలు ఎవరి ప్రశ్నల్లాగానూ ఉండేవి కావు.

మొదటి వారమే వచ్చి, ఫోను పైనుంచి ఒక పట్టీ దిగుతోందనీ, చూసేలోగా మళ్లీ పైకి పోతోందనీ చెప్పింది. “గద్ద నీడ మాదిరి పోతాండాది పాపా. నేను పట్టుకునేలోపల ల్యాదు. పోయినదాంట్లో మా వాడుంటే?”

పోలేదు అని చెప్పాను. ఏదైనా వచ్చినప్పుడు ఆ పట్టీ కొన్ని క్షణాలు కనబడి తప్పుకుంటుంది, అంతే. స్క్రీను పైఅంచు మీద వేలు పెట్టి కిందికి లాగితే తెర దిగుతుంది. తప్పుకున్నవన్నీ అక్కడ వరుసగా ఉంటాయి. ఆమె చేత పదిసార్లు లాగించాను. దిగిన తెరను చూసి, పందిరి మీద నుంచి కాయ కోసుకున్నట్టు ఉందని సంతోషపడింది.

తర్వాతి వారం, తాను ఏమీ ముట్టకుండానే ఫోను ఎందుకు మోగుతుందని అడిగింది. ఒక్కొక్కటీ వినిపించాను. ఇది ఎవరైనా కాల్ చేస్తే వచ్చేది, తీసేదాకా మోగుతుంది. ఇది బ్యాటరీ అయిపోతోందని చెప్పేది, ఛార్జింగ్ పెట్టాలి. ఇది సిమ్ము కంపెనీ పంపే మెసేజ్. రోజుకు నాలుగైదు వస్తాయి, పనికిమాలినవి. ఇదిగో, ఇది పచ్చ గుర్తు యాప్‌ది. ఫోటో వస్తే ఇందులోనే వస్తుంది.

ఆమె అన్నిటినీ కళ్లు మూసుకుని వింది. అన్నీ ఒకే రకంగా ఉన్నాయని చెప్పింది. మోగిన ప్రతిసారీ గొర్రెలను వదిలేసి గట్టు మీదికి పరుగెత్తి చూస్తే, సిమ్ము కంపెనీ వాళ్లు ఏదో పాట పెట్టుకోమని పంపి ఉంటారట. ఆ పాట సంగతి ఆమెకు ఎవరో చదివి చెప్పారు.

అందుకని రెండు పనులు చేశాను. పచ్చ గుర్తుకు వేరే చప్పుడు పెట్టాను. ఫోనులో ఉన్న చప్పుళ్లన్నీ వరుసగా వినిపిస్తే, ఇత్తడి గంట లాంటిది ఒకటి ఆమే ఎంచుకుంది. ఇక సిమ్ము కంపెనీ మెసేజ్ వచ్చినప్పుడు, ఆ నోటీసును నొక్కి పట్టి, మామూలు మెసేజ్‌ల యాప్ మొత్తాన్నీ సైలెంట్ చేశాను. చప్పుడూ ఆగింది, పైనుంచి దిగే పట్టీ కూడా ఆగింది. ఆమె వారం తర్వాత వచ్చి, ఇప్పుడు కాస్త నిద్ర పడుతోందని చెప్పి, కొంగులో కట్టుకొచ్చిన సీతాఫలాలు బల్ల మీద పెట్టి పోయింది. మంచి పని చేశాననుకున్నాను.

చుక్క గురించి అడిగింది ఆ తర్వాతే. పచ్చ గుర్తు మూలన చిన్న చుక్క ఒకటి ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు, ఏమిటది అని. గొర్రెలకు గుర్తు కోసం ఎర్ర జాజు పూస్తారు కదా, అలాంటిదేనని చెప్పాను. నువ్వు చూడనిది ఏదో లోపల ఉందని ఆ గుర్తు. కొన్ని ఫోన్లలో ఎన్ని ఉన్నాయో అంకె కూడా వేస్తుంది, ఈ ఫోనులో చుక్క మాత్రమే. నువ్వు లోపలికి పోయి చూస్తే చుక్క పోతుంది.

ఆమె అప్పుడు అడిగింది. “అట్లయితే చుక్క లేకపోతే ఏమీ రానట్టేనా?”

ఆరోజు సంత. షాపు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. ఎవరికో పాసుపుస్తకం జిరాక్సు కావాలి, మిషన్లో కాగితం ఇరుక్కుంది. “అంతే అక్కా. చుక్క లేకపోతే ఏం రానట్టే,” అన్నాను కాగితం లాగుతూ.

వానాకాలం వచ్చింది కానీ వాన రాలేదు. వేరుశనగ మొలిచి ఎండింది. పల్లెలో అందరూ ఉపాధి పనికి పోతుంటే ఆమె కూడా జాబు కార్డు పట్టుకుని కొన్ని రోజులు కందకాలు తవ్వడానికి పోయింది. పని లేని రోజుల్లో గొర్రెలు. ఆ పనికి ఒక మేటు ఉంటుంది, హాజరు వేసే ఆమె. ఆ మేటు పనివాళ్లందరినీ ఒక గ్రూపులో వేసింది. అప్పటి నుంచి ఆ గంట రోజుకు యాభై, అరవైసార్లు మోగేది. శుభోదయం పువ్వులు, దేవుళ్లు, ఎవరి మనవరాలిదో పుట్టినరోజు, రేపు పని ఎక్కడ అన్న మాట ఒకటి వాటి మధ్యలో.

గ్రూపు చప్పుడు ఆపేద్దామా అని నేను అడిగాను. ఆమె ఒప్పుకోలేదు. వాళ్లలో ఎవరి చుట్టమో ఎక్కడో వాణ్ని చూసి ఆ గ్రూపులోనే పెడితే ఎట్లా అంది. అలాగే ఉంచాను.

ఇంకోసారి వచ్చినప్పుడు, తెర లాగితే పేరుకుపోయిన ఈ చెత్తంతా ఒక్కసారే తుడిచేసేది మేటు చూపించిందని చెప్పింది. తెర కింది భాగంలో ఒక మాట ఉంటుంది, దాన్ని ముడితే అన్నీ పోతాయి. అది ముడితే లోపలున్న ఫోటోలు కూడా పోతాయా అని ఆమె భయం. పోవు అని చెప్పాను. పోయేది నోటీసులే, మెసేజ్‌లు యాప్ లోపల ఉన్నచోటే ఉంటాయి, ధైర్యంగా తుడువు అన్నాను.

అది నిజమే. నేను చెప్పిన వాటిలో ఏ ఒక్కటీ, దానికదిగా చూస్తే, పెద్ద తప్పు కాదు. కానీ ఆ ఫోనులో చుక్క ఉండేది నోటీసు ఉన్నంతసేపే. పై తెరలో నోటీసును తుడిచేస్తే గుర్తు మీది చుక్క కూడా దానితోపాటే పోతుంది, లోపల మెసేజ్‌ను ఎవరూ చూడకపోయినా సరే. ఇది నాకు తెలియనిది కాదు. రోజూ ఫోన్లతో బతికేదాన్ని. ఒకనాడు చుక్క గురించి చెప్పాను, ఇంకోనాడు తుడవడం గురించి చెప్పాను. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తట్టలేదు.

తర్వాతి సోమవారం వచ్చింది. చింతపండు అమ్ముకునే వాళ్లతో కలిసి ఆటోలో దిగి, ఎండకు తల మీద కొంగు వేసుకుని, షాపు మెట్టు మీద కూర్చుంది. ఫోను నా చేతికిచ్చి, ఏమైనా వచ్చిందేమో చూడమంది. మామూలుగా ప్రతివారం అడిగేదే. ఆరోజు ఎవరిదో ఫోను డిస్‌ప్లే మారుస్తున్నాను, చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. ఆమె ఫోను తీసి చూశాను. పచ్చ గుర్తు మీద చుక్క లేదు. తెర లాగాను, ఖాళీ.

“ఏం లేదక్కా,” అన్నాను.

“చుక్క లేదులే. నేనూ చూసినా,” అంది ఆమె. కొంచెం నీళ్లు తాగి, సంతలో ఉప్పు కొనుక్కుని పోయింది.

ఆ మరుసటి సోమవారం ఆమె ఫోనులో స్టోరేజ్ నిండిందని ఏదో కనబడింది. గ్రూపులో వచ్చిన పువ్వులూ దేవుళ్లూ తీసేస్తే సరిపోతుందని పచ్చ గుర్తు లోపలికి పోయాను. పైన ఆ గ్రూపు, పక్కన పచ్చ గుండ్రంలో రెండు వందల చిల్లర అంకె. దాని కింద మేటు. దాని కింద నా షాపు. దానికీ కింద, పేరు లేని ఒక నంబరు. పక్కన చిన్న గుండ్రం, అందులో మూడు.

తెరిచాను. ఒక ఫోటో ఉంది. గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి. గుండు చేసి ఉంది, తెల్ల చొక్కా వేసి ఉంది, చూపు కిందికి ఉంది. ఫోటో కింద విడిగా ఒక మెసేజ్: “ఈయన మీ మనిషేనా? మాట రాదు. గుత్తి జంక్షన్ ప్లాట్‌ఫారం మీద ఉంటే తెచ్చి పెట్టుకున్నాం. చూసి చెప్పండి.” రెండు రోజుల తర్వాత ఇంకొకటి: “మీరు చూడలేదు. ఫోను కలవడం లేదు. దయచేసి చూడండి.”

ఫోటో వచ్చింది పదకొండు రోజుల కిందట. నేను ఏం లేదక్కా అని చెప్పిన సోమవారానికి నాలుగు రోజుల ముందు.

ఆమెకు ఎలా చెప్పానో గుర్తు లేదు. ఫోను ఆమె చేతిలో పెట్టాననుకుంటాను. ఆమె చాలాసేపు చూసింది. రెండు వేళ్లతో పెద్దది చేయడం నేనే నేర్పాను, అలా పెద్దది చేసి, ముఖాన్ని, మెడను, భుజాన్ని ఒక్కొక్కటిగా జరుపుకుంటూ చూసింది. వాడే అంది. కాసేపటికి, గుండు చేస్తే ఎవరైనా ఇట్లే ఉంటారేమో అంది. మళ్లీ వాడే అంది.

నేను ఆ నంబరుకు కాల్ చేశాను. ఎత్తిన ఆయన పెద్దవాడు, మెల్లగా మాట్లాడాడు. గుత్తి స్టేషనుకు దగ్గర్లో కొందరు కలిసి నడుపుకునే చిన్న ఆశ్రమం అది, దిక్కులేని వాళ్లకు అన్నం పెడతారు. ఎవరి గురించి అడుగుతున్నానో వెంటనే గుర్తుపట్టాడు. ఆ మూగాయన ఫోటో పంపిననాటి నుంచి ఆరు రోజులు ఉన్నాడమ్మా, అన్నాడు. ఏడో రోజు పొద్దున గేటు తీసినాక చూస్తే లేడు. స్టేషనులో అడిగాం, ఏ రైలు ఎక్కినాడో ఎవరూ చూడలేదు.

నేను వేళ్లు మడిచి లెక్కపెట్టాను. ఆ సోమవారం మధ్యాహ్నం ఆమె నా మెట్టు మీద కూర్చుని నీళ్లు తాగుతున్నప్పుడు, అతను అక్కడే ఉన్నాడు. ఇంకా రెండు రాత్రులు ఉన్నాడు.

మర్నాడు షాపు మూసి ఆమెతో గుత్తి పోయాను. కదిరిలో ఒక బస్సు, అనంతపురంలో ఇంకొకటి. అనంతపురం దాటాక ఆమె, ఆ ఫోటో వచ్చిననాడు తాను ఏం చేస్తున్నదీ గుర్తు చేసుకుని చెప్పింది. ఆరోజు గుట్ట అవతలికి గొర్రెలను తోలుకుపోయిందట. అక్కడ సిగ్నల్ ఉండదు. సాయంత్రం ఇంటికి వచ్చి మంద కట్టేసరికి ఫోను ఒక్కసారిగా అదే పనిగా మోగిందట, పగలంతా ఆగినవన్నీ కలిసి వచ్చాయి. పట్టీ మీద పట్టీ దిగింది. అన్నీ పువ్వులే అనుకుంది. చేతులకు పాలు అంటుకుని ఉన్నాయి. తెర లాగి తుడిచేసింది. తర్వాతి రోజుల్లోనూ సాయంత్రమయ్యేసరికి అదే పని.

వాళ్లు కాల్ చేసినప్పుడు కూడా ఆమె గుట్ట అవతలే ఉండి ఉంటుంది. ఫోను కలవనప్పుడు, ఫలానా నంబరు నుంచి మీకు కాల్ వచ్చిందని సిమ్ము కంపెనీ మెసేజ్ పంపుతుంది. బస్సులోనే ఆమె ఫోను తీసి మామూలు మెసేజ్‌లలో వెతికాను. పాటల మెసేజ్‌ల మధ్య అవీ ఉన్నాయి, రెండు. నేను సైలెంట్ చేసిన చోట, చప్పుడు లేకుండా వచ్చి పడి ఉన్నాయి. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఆశ్రమం అంటే మూడు గదులు, ఒక రేకుల వసారా. కోట కొండ అక్కడి నుంచి దగ్గరగా కనిపిస్తుంది. ఆ పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. ఇది జైలు కాదు కదమ్మా, పగలు తాళం వేయం, అని తానుగానే రెండుసార్లు అన్నాడు. ఎవరూ ఆయన్ని తప్పు పట్టలేదు. అతను పక్కవాళ్ల కంచాలు కడిగేవాడట. మేకపిల్ల ఒకటి వీధిలో అరిస్తే వినబడకపోయినా ఎలా తెలిసేదో బయటికి పోయి నిలబడేవాడట. రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే ఆడవాళ్లందరి ముఖాలూ చూసేవాడట.

తర్వాత లోపలికి పోయి ఒక సంచి తెచ్చాడు. అతన్ని తీసుకొచ్చిననాడు ఒంటి మీదున్న బట్టలు, ఉతికి మడత పెట్టి ఉన్నాయి. ఆమె చొక్కా విప్పి చూసింది. చంక కింద చినిగిన చోట పచ్చటి గుడ్డ వేసి కుట్టి ఉంది. పెద్ద పెద్ద కుట్లు.

“నా రవికె గుడ్డ,” అంది. “నేనే కుట్టినా.”

ఆ మాట అన్నాక ఆమె ఏడవలేదు. చొక్కా మళ్లీ అదే మడతల మీద మడిచి సంచిలో పెట్టుకుంది. మేమిద్దరం స్టేషనుకు పోయాం. ప్లాట్‌ఫారాలన్నీ తిరిగాం. ఫోటో చూపించి టీ అమ్మేవాళ్లను, పోర్టర్లను, రైల్వే పోలీసులను అడిగాం. ఒకరిద్దరు చూసినట్టుందన్నారు. ఇక్కడి నుంచి బళ్లు నాలుగు దిక్కులకూ పోతాయి, ఏ దిక్కని వెతుకుతారమ్మా అన్నాడు ఒకాయన.

సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమె అడిగింది. గొంతులో కోపం లేదు. నాకు కోపం కనిపించి ఉంటే తేలికగా ఉండేది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది, అంతకుముందు అన్ని ప్రశ్నలూ అడిగినట్టే.

“చుక్క లేకపోతే ఏం రానట్టే అంటివి కదా పాపా?”

అన్నాను అక్కా అని ఒప్పుకున్నాను. తుడిస్తే చుక్క కూడా పోతుందని నీకు చెప్పలేదు, నాదే తప్పు అన్నాను. ఆమె తల ఊపింది. అర్థమైంది అన్నట్టు, ఒక పాఠం వింటున్నట్టు ఊపింది. బస్సు వచ్చింది.

ఆ తర్వాత చేయగలిగినవన్నీ చేశాం. గుండు ఫోటోతో కొత్త కాగితం వేశాను. గుంతకల్లు, ధర్మవరం, డోన్ స్టేషన్లకు పంపించాను. కానిస్టేబుల్‌కు బదిలీ అయింది, వచ్చిన కొత్తాయనకు మళ్లీ మొదటి నుంచి చెప్పాం. ఆమె ఫోనులో సిమ్ము కంపెనీ మెసేజ్‌ల చప్పుడు తిరిగి పెట్టాను. గ్రూపు నుంచి ఆమెను తీయించాను. పచ్చ గుర్తు లోపలికే పోయి, పేర్ల పక్కన గుండ్రంలో అంకె ఉందేమో చూసుకోవడం నేర్పాను, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆమె ఒక్కరోజు కూడా తప్పలేదు. చుక్కను గానీ, గంటను గానీ, పట్టీని గానీ ఆమె మళ్లీ నమ్మలేదు. సోమవారాలు వచ్చి, అన్నీ సరిగ్గా చూసుకుంటున్నానా అని నా ముందు చేసి చూపించేది. తప్పు ఒక్కటీ ఉండేది కాదు. లోపల కొత్తగా వచ్చినది కూడా ఏదీ ఉండేది కాదు.

రెండుసార్లు వేరే ఊళ్ల నుంచి ఫోటోలు వచ్చాయి. ఒకటి చాలా ముసలాయనది. రెండోది ఆసుపత్రి గదిలో కళ్లు మూసుకుని ఉన్న మనిషిది. ఆ రెండో ఫోటో తెరవడానికి ఆమె నా షాపుదాకా వచ్చింది, ఒంటరిగా చూడలేక. అతను కాదు. కాదన్నందుకు సంతోషపడాలో లేదో ఇద్దరికీ తెలియలేదు. టీ తెప్పించాను, తాగకుండానే చల్లారింది.

రెండో ఏడు కూడా వాన లేదు. ఒక్కతే మందను చూసుకోలేక గొర్రెలను కసాయివాళ్లకు ఇచ్చేసింది. ఈనే గొర్రెలను కూడా ఇచ్చేసిందని విని ఊళ్లోవాళ్లు ఏదో అనుకున్నారు. హిందూపురం అవతల ఒక కోళ్లఫారంలో పనికి కుదిరింది, అక్కడే గదిలో ఉంటుంది. పోయే ముందు వచ్చి, ఊరు మారితే ఫోటో రాదేమో అని అడిగింది. నంబరు అదే ఉన్నంతకాలం ఏ ఊళ్లో ఉన్నా వస్తుందని చెప్పాను. ఈసారి జిరాక్సు మిషన్ ఆపేసి, ఆమెను కూర్చోబెట్టి, ఏయే కారణాలకు రాకపోవచ్చో కూడా చెప్పాను. రీఛార్జి అయిపోతే రాదు. డేటా ఆపేసి ఉంటే రాదు. సిగ్నల్ లేకపోతే, వచ్చేదాకా ఆగి వస్తుంది. చాలాకాలం రీఛార్జి చేయకపోతే నంబరు ఇంకొకరికి పోతుంది. అన్నీ విని, ఇన్ని ఉన్నాయా అంది.

ఆమె రీఛార్జి నేనే చేస్తాను, గడువు ముగిసేలోపే. అయిందని చెప్పడానికి ఫోను చేస్తే, వెనక కోళ్ల గోల వినబడుతుంది. సరే పాపా అంటుంది. ఏమైనా వచ్చిందా అని నేను అడగను. వచ్చి ఉంటే చెప్పేది.

షాపులో కొత్తగా ఫోను కొన్నవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, ఈ చుక్క ఏంది, ఈ గంట ఏంది అని. చెబుతాను. చెప్పేటప్పుడు చేతిలో పని కింద పెడతాను. తుడిస్తే చుక్క పోతుంది, మెసేజ్ మాత్రం చూడకుండానే లోపల ఉండిపోతుంది, అప్పుడప్పుడు లోపలికి పోయి చూసుకోండి అని ఒకటికి రెండుసార్లు చెబుతాను. చాలామంది అప్పటికే లేచి నిలబడి ఉంటారు. అట్లేలే అక్కా అని ఫోను జేబులో వేసుకుని బస్సు ఎక్కుతారు.